ఒరేయ్ మునసబు గారూ!

కాళ్ళు తుడుచుకున్నావా పండూ? సరే, రా. దుప్పటి లాక్కో. ఇలా నా చెయ్యి మీద తల పెట్టుకో. ‘ఊ’ కొడుతూ ఉండు. ఊ కొట్టడం ఆపితే నిద్రపోయావనుకుని నేనూ ఆపేస్తాను.

అనగనగా, గోదావరి కాలవ గట్టున తొగరలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అక్క, ఒక తమ్ముడు. అక్క పేరు మంగాయమ్మ. తమ్ముడి పేరు వీరభద్రయ్య.

వాళ్ళమ్మ పోయేనాటికి అక్కకి పన్నెండేళ్ళు. తమ్ముడికి మూడేళ్ళు. నాన్నేమో చీకటితో లేచి పొలం వెళ్ళిపోయేవాడు. మరి పిల్లాడిని ఎవరు చూస్తారు? అక్కే చూసింది. ‘ఒరేయ్ బద్రిగా, నోరు తెరు’ అని ముద్ద పెట్టేది. ‘ఒరేయ్ బద్రిగా, చెవుల వెనక రుద్దుకోరా’ అని నీళ్ళు పోసేది. వాడు అమ్మ కావాలని ఏడిస్తే, ‘ఒరేయ్ బద్రిగా, నేనున్నానుగా’ అని ఎత్తుకునేది. పన్నెండేళ్ళ పిల్ల ఎంత ఉంటుంది చెప్పు? వాడి కాళ్ళు దాని మోకాళ్ళ దాకా వేలాడేవి.

అప్పుడు అక్క వాడికి ఎవర్ని ఏమని పిలవాలో కూడా నేర్పింది. నాన్న అన్నగారు పెదనాన్న. అమ్మ చెల్లెలు పిన్ని. నాన్న చెల్లెలు మాత్రం పిన్ని కాదు, మేనత్త. వాళ్ళింట్లో పాలేరు పని చేసే గవరయ్య ముసలాడు. ఏ చుట్టమూ కాడు. అయినా, ‘తాతా అనాలిరా, పెద్దవాడు కదా’ అని చెప్పింది. వాడు అలాగే ‘గవరయ్య తాతా’ అంటూ ఆయన భుజమెక్కి తిరిగేవాడు.

ఆ తర్వాత అక్కకి పెళ్ళి చేశారు. దూరమేం కాదు, కాలవ అవతలి వీధే. మధ్యలో ఒక చెక్క వంతెన. తమ్ముడు పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వంతెన దాటి వెళ్ళేవాడు. బావ కనిపిస్తే ‘బావగారూ, బావున్నారా’ అని చేతులు కట్టుకుని అడిగేవాడు. అక్క కనిపిస్తే ‘అక్కా, తినడానికేముందే’ అనేవాడు. ఒకే గుమ్మం. ఒకే పీట మీద కూర్చునేవాళ్ళు ఆ ఇద్దరూ. కానీ ఒకరికి మీరు, ఒకరికి నువ్వు.

ఊ కొట్టు మరి.

ఆ తర్వాత భద్రయ్యకీ పెళ్ళయింది. ఆ అమ్మాయి పేరు రత్తమ్మ. రత్తమ్మ చాలా మంచిది, చాలా భయం మనిషి. ఆడపడుచుని ‘వదినగారూ’ అనేది. ఆడపడుచు మొగుడిని ‘అన్నయ్యగారూ’ అనేది. మొగుణ్ణి మాత్రం ‘ఏవండీ’ అనేది, అంతే. అప్పట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పేవాళ్ళు కాదు. చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. భద్రయ్య కదా ఆయన పేరు? అందుకని రత్తమ్మ ‘భద్రం’ అన్న మాట కూడా అనేది కాదు. ఎవరైనా ఊరెళ్తుంటే అందరూ ‘భద్రంగా వెళ్ళిరండి’ అంటారా, రత్తమ్మ ‘జాగర్తగా వెళ్ళిరండి’ అనేది. జనాభా లెక్కలవాడొచ్చి ఇంటాయన పేరేంటమ్మా అంటే, గోడ మీదున్న వీరభద్ర స్వామి పటం చూపించింది! వాడు ఆ పటం వైపు దణ్ణం పెట్టి, మళ్ళీ అడిగాడు. నవ్వకు. మా అమ్మా అంతే. నేను కాస్త నయం. మీ అమ్మ చూడు, మీ నాన్నని పేరు పెట్టి గట్టిగా పిలుస్తుంది. మీ నాన్నేమో నిక్షేపంగా ఉన్నాడు.

సరే. ఆ ఊరికి మునసబు భద్రయ్య పెదనాన్నే. మునసబు అంటే అప్పట్లో ఊరి పెద్ద. శిస్తు వసూలు, చిన్న చిన్న తగువులు, అన్నీ ఆయనే చూడాలి. ఆయనకి పిల్లల్లేరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం భద్రయ్యకి వచ్చింది. అప్పుడు భద్రయ్యకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. తెల్లారేసరికి ఊరంతా ‘మునసబు గారూ, మునసబు గారూ’ అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు తాలూకా నుంచి అధికారులు వచ్చారు. భద్రయ్య వాళ్ళ అరుగు మీద కుర్చీలు వేశారు. ఊరి పెద్దలందరూ నిలబడ్డారు. భద్రయ్య కొత్త కోటు తొడుక్కుని, కాగితాలు చదువుతున్నాడు. అప్పుడు మంగాయమ్మ వంతెన దాటి, ఒక గిన్నెలో వేడివేడి గారెలు పట్టుకుని వచ్చింది.

“ఒరేయ్ బద్రిగా! పొద్దున్నించీ ఏమన్నా కడుపులో పడిందా? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో! రా, రెండు గారెలు తినిపో!”

ఒక గుమాస్తా జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. వాడిని చూసి ఇంకో ఇద్దరు నవ్వారు. భద్రయ్య చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ వాకిట్లో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది.

“అక్కా, ఇంకమీద నువ్వు నన్ను ఒరేయ్ అనకు. ఇప్పుడు నేను మునసబుని. ఊరంతా గారు అంటున్నారు. నువ్వొక్కదానివే...”

చేట ఆగింది.

“మరేమనమంటావు?”

“మునసబు గారూ అను. మీరు అను.”

మంగాయమ్మ కాసేపు బియ్యంలో రాళ్ళు వెతికింది. ఆ తర్వాత తలెత్తింది.

“అలాగేనండీ,” అంది. “కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

భద్రయ్య చుట్టంలా పీట అంచున కూర్చున్నాడు. పోనీలే, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది అనుకున్నాడు. మంచినీళ్ళు తాగి వచ్చేశాడు.

ఏంటీ? మర్యాద మంచిదే కదా అంటావా? మంచిదే తల్లీ. బావగారికి మర్యాద, మావగారికి మర్యాద, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి మర్యాద. ఎవరు కాదన్నారు? కానీ ‘మీరు’ అన్నాక ఇక తిట్టడం కుదరదు. ‘మీరు’ అంటూ ఎవరి చెవైనా మెలిపెట్టగలమా? ‘రా, కూర్చో, తిను’ అన్నదాన్ని ‘రండి, కూర్చోండి, తినండి’ అని చూడు. తినండి అంటే, వద్దండీ అనొచ్చు. తినరా అంటే తినాల్సిందే.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళలో ఏం జరిగిందో విను.

ఒకసారి భద్రయ్య కొత్తగా సున్నం వేసిన గోడకి ఆనుకున్నాడు. కోటు వెనకంతా తెల్లటి మరక. అలాగే ఊరంతా తిరిగాడు. అందరూ చూశారు. మునసబు గారికి ఎవరు చెప్తారు? మంగాయమ్మ కూడా కాలవ అవతల్నించి చూసింది. ‘ఒ...’ అని నోరు తెరిచింది. మళ్ళీ మూసేసుకుంది.

ఇంకోసారి గవరయ్య ముసలాడు గడ్డిమోపు దించడంలో ఆలస్యమైందని, భద్రయ్య నలుగురిలో కేకలేశాడు. “ఏరా గవరయ్యా, కళ్ళు కనపడ్డంలేదేంట్రా నీకు?” అన్నాడు. తాతా అని భుజమెక్కిన ముసలాణ్ణి! ఆయన తల వంచుకుని ‘చిత్తం బాబూ’ అన్నాడు. అప్పుడు మంగాయమ్మ అక్కడే ఉంది. మునుపైతే ఏం చేసేది? ‘ఒరేయ్, తాతని ఏరా అంటావేంట్రా’ అని నెత్తి మీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు మునసబు గారి నెత్తి మీద ఎలా ఇస్తుంది? గవరయ్యకి మజ్జిగ ఇచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మూడోది అసలైంది. భద్రయ్య చేలగట్టు మీద నడుస్తుంటే కుడి కాల్లో తుమ్మముల్లు దిగింది. బయటికి లాగాడు గానీ కొస లోపలే ఉండిపోయింది. రెండో రోజుకి కాలు వాచింది. నాలుగో రోజుకి చలి, జ్వరం.

రత్తమ్మ భయపడుతూ, “ఏవండీ, వైద్యుడు గారిని పిలిపించమంటారా?” అంది.

“వద్దు. అదే తగ్గుతుంది,” అన్నాడు.

ఊరివాళ్ళు, “కాలు కాస్త వాచినట్టుంది, తమరు చూపించుకుంటే...” అన్నారు.

“నాకు తెలుసు,” అన్నాడు.

“చిత్తం, తమరి ఇష్టం,” అన్నారు.

అప్పుడు మంగాయమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. “మీరొకసారి వైద్యుడికి చూపించుకుంటే బాగుంటుందేమోనండీ,” అంది.

“చూద్దాంలే అక్కా,” అన్నాడు.

చూద్దాంలే అంటే ఏముంది? చూడను అనే!

భద్రయ్యకి ఒక చంటి కొడుకు, వాడి పైన ఒక కూతురు. కనకం. నీ వయసే, ఐదేళ్ళు. నీలాగే నోట్లో నాలిక ఒకచోట నిలవదు. ఆ ఇంట్లో నాన్నని నువ్వు అనేది అదొక్కతే. రత్తమ్మ రోజూ ‘తప్పే, నాన్నగార్ని మీరు అనాలి’ అని దిద్దేది. అది వినేది కాదు.

ఆ కనకం మేనత్త వెంట వంతెన దాకా వెళ్ళింది.

“అత్తా, నాన్న నీకంటే పెద్దవాడా?”

“కాదమ్మా. తొమ్మిదేళ్ళు చిన్న.”

“మరి నువ్వు నాన్నని మీరు అంటావు. నాన్న నిన్ను నువ్వు అంటాడు. అలా ఎలా? నేను మా తమ్ముణ్ణి మీరు అంటానా?”

మంగాయమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “మీ నాన్న అడిగాడమ్మా,” అంది. “చిన్నప్పట్నించీ ఏదడిగినా ఇచ్చాను. ఇదీ ఇచ్చాను.”

కనకం ఊరుకుంటుందా? తిన్నగా నాన్న మంచం దగ్గరికి వచ్చింది. “నాన్నా, అత్తని మీరు అనమని నువ్వే అడిగావుట. నిజమేనా? ఎందుకూ? అత్త అంటే కోపమా?”

భద్రయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కోపమా అని అడిగింది పిల్ల. కోపం వస్తేనే కదా మనింట్లో కూడా ‘మీరెందుకు తింటారులెండి, మీరు పెద్దవారు’ అని దెప్పుతాం! అక్క నోట ఆరేళ్ళుగా వింటున్న ‘అండీ’ ఇప్పుడు ఒక్కొక్కటే చెవిలో పడింది ఆయనకి.

మర్నాడు పొద్దున్నే కుంటుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళాడు.

“అక్కా, నేను అప్పుడు అన్నది తప్పు. నన్ను మళ్ళీ మునుపటిలాగే పిలువు. ఒరేయ్ అను.”

మంగాయమ్మ ఆయన వైపు చూసింది. పాపం, ఆవిడకీ అనాలనే ఉంది. గొంతు సర్దుకుంది. పెదాలు కదిపింది.

“ఒరేయ్... అండీ,” అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఇద్దరూ నేల చూపులు చూశారు. మంగాయమ్మే అంది, “మీరు అనమంటే మీరు అనొచ్చండీ. ఒరేయ్ అనమంటే ఎలా వస్తుంది? అది దానంతట అది రావాలి.”

భద్రయ్య వచ్చినదారినే కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజే తహసీల్దారు గారు ఊరికి వచ్చారు. తహసీల్దారంటే మునసబుకి పైవాడు. జీపు దిగి అరుగు మీద కూర్చున్నారు. నలభై మంది జనం. భద్రయ్య వాచిన కాలిని పళ్ళు బిగించి బూటులో దూర్చుకున్నాడు. కోటు వేసుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. నుదుటి మీద చెమట. అయినా నవ్వుతూ, కాగితాలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు.

అప్పుడు మంగాయమ్మ రత్తమ్మకి పాలచెంబు ఇవ్వడానికి వచ్చింది. పక్కనించి పెరట్లోకి వెళ్ళిపోబోతూ తమ్ముడి నడక చూసింది. పాదం ఆనించకుండా, అంచు మీద నడుస్తున్నాడు. నాలుగేళ్ళప్పుడు గాజుపెంకు గుచ్చుకుంటే, అక్క తీస్తుందని భయపడి దాచుకుని అచ్చం అలాగే నడిచాడు. ఆవిడకి జనం కనపడలేదు. తహసీల్దారు కనపడలేదు. కోటూ కనపడలేదు.

“ఒరేయ్ బద్రిగా!”

నలభై తలలూ తిరిగాయి.

“ఆ కాలేంట్రా! ఎన్నాళ్ళు దాచుకుంటావు? విప్పు ఆ బూటు! విప్పుతావా, నన్ను విప్పమంటావా వెధవా!”

పాలచెంబు అరుగు మీద పెట్టేసి వచ్చి పడింది. మునసబు గారు ఏం చేశారో తెలుసా? మారు మాట్లాడకుండా మెట్టు మీద కూర్చుని, మూడేళ్ళ పిల్లాడిలా కాలు చాపేశారు.

బూటు విప్పింది. పాదం నల్లగా కమిలిపోయి ఉంది. ఎర్రటి చార ఒకటి పిక్క దాకా పాకింది. చూసినవాళ్ళందరూ అమ్మో అన్నారు.

తహసీల్దారు గారు లేచి నిలబడ్డారు. “ఎవరమ్మా మీరు?”

మంగాయమ్మకి అప్పుడు తెలివొచ్చింది. పైట సర్దుకుంది. “మునసబు గారి అక్కనండీ,” అంది. “తప్పయిపోయిందండీ. నలుగురిలో నోరు జారాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“తప్పేంటమ్మా! నాకూ ఒక అక్క ఉండేది. ఒరేయ్ సుందరంగా అనేది. మూడేళ్ళయింది పోయి. ఇప్పుడందరూ నన్ను అయ్యగారూ అనేవాళ్ళే. నా కాల్లో ముల్లు దిగినా నడక చూసి కనిపెట్టే మనిషి లేదు.” అని, డ్రైవరు వైపు తిరిగారు. “జీపు తియ్యి. మునసబు గారిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళు. అమ్మా, మీరూ ఎక్కండి.”

అందరూ కలిసి భద్రయ్యని జీపులో పడుకోబెట్టారు. అక్క ఒళ్ళో తల. జీపు కదిలిన దగ్గర్నించీ మంగాయమ్మ తిట్టడం మొదలుపెట్టింది. కాలు గురించి తిట్టింది. సున్నం మరక గురించి తిట్టింది. గవరయ్య తాత గురించైతే మరీ తిట్టింది. ఆరేళ్ళ తిట్లు దాచుకుంది కదా, పన్నెండు మైళ్ళ దారి సరిపోలేదు. భద్రయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాలేమో నవ్వుతున్నాయి. జీపు నడిపే ఆయన మాత్రం భయపడిపోయి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు గారు ముల్లు కొస తీశారు. “ఇంకో రెండు రోజులైతే కాలే తీసెయ్యాల్సి వచ్చేది,” అన్నారు. పది రోజులు అక్కడే ఉంచారు. పది రోజులూ మంగాయమ్మ మంచం పక్కనే. ‘ఒరేయ్ మందు మింగు’, ‘ఒరేయ్ దిగకు’, ‘ఒరేయ్ పడుకో’. ఒక్కదానికీ చూద్దాంలే అనలేదు తమ్ముడు.

ఇంటికి రాగానే భద్రయ్య ముందు గవరయ్య గుడిసెకి వెళ్ళాడు. చేతికర్ర పొడుచుకుంటూ తనే వెళ్ళాడు. “తాతా, ఆ రోజు నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. ఏమనుకోకు,” అన్నాడు. ముసలాయన చుట్ట వెలిగించాడు. అంత సులువుగా పోతుందా? సగం దాకా కాల్చాడు. ఆ తర్వాత, “కాలు నేల మీద పెట్టకు బాబూ, ఇలా కూర్చో,” అని మంచం మీద చోటిచ్చాడు.

ఆ సాయంత్రం అందరూ భద్రయ్య వాళ్ళ అరుగు మీద కూర్చున్నారు. రత్తమ్మ అటుకుల ఉప్మా చేసింది. అప్పుడు భద్రయ్య అన్నాడు, “అక్కా, నలుగురిలో ఉన్నా ఫర్వాలేదు. నీకెలా వస్తే అలా పిలువు.”

మంగాయమ్మ ఆలోచించింది. “వద్దురా,” అంది. “జనంలో నేను నీ పేరెత్తను. ఎవరన్నా అడిగితే మునసబు గారు అనే చెప్తాను, మా తమ్ముడికి ఊరిచ్చిన మర్యాద నేనెందుకు తియ్యాలి? ఇంట్లో మాత్రం నువ్వు బద్రిగాడివే.”

“మరి బూటు విప్పించాల్సి వస్తే?”

“అప్పుడు జనమూ లేదు, గినమూ లేదు.”

రత్తమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కూతురి వైపు తిరిగింది. “నువ్వు మాత్రం నాన్నగార్ని మీరు అనాలమ్మా. అత్త అక్క కాబట్టి చెల్లింది,” అంది.

భద్రయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “ఉండవే. మేము మా నాన్న ఎదురుగా కూర్చోను కూడా కూర్చోలేదు. ఆయన్ని మీరు అనేవాళ్ళం. ఒక్కసారి కూడా, ఒంట్లో ఎలా ఉంది నాన్నా అని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. దీన్నే చెప్పనీ. ఏమే కనకం, నన్ను నువ్వు అంటావా, మీరు అంటావా?”

కనకం ఉప్మా నములుతూ చాలాసేపు ఆలోచించింది. రెండు కాళ్ళూ ఊపుకుంటూ తేల్చి చెప్పింది.

“మామూలప్పుడు నువ్వు అంటాను నాన్నా. నీ మీద కోపమొచ్చినప్పుడు మీరు అంటాను.”

అరుగంతా ఒకటే నవ్వు! మంగాయమ్మకైతే పొలమారింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో, కనకం పెద్దదై పెళ్ళయి వెళ్ళేదాకా అదే లెక్క. అది గుమ్మంలోకి వస్తూ ‘నాన్నగారూ, మీరు భోంచేశారా’ అందంటే, ఊరి మునసబు గారు గబగబా లేచి, ‘ఏం తప్పు చేశాను తల్లీ’ అని అడిగేవారు.

ఏంటి పండూ? నువ్వు నన్నేమనాలా? నీ నోటికేది వస్తే అదే అను. ఒసేయ్ అని మాత్రం అనకు, మీ తాతకి కోపమొస్తుంది. ఆ మాట ఆయనొక్కడిదే.

ఇంక కళ్ళు మూసుకో.

కథ బయల్దేరి కంచికెళ్ళే,
కునుకు బయల్దేరి కంటికొచ్చే,
అమ్మమ్మ అలిసి ఆవలించే,
మా పండు హాయిగా బజ్జుకునే.